తాడు కట్టి లాగే కారులో డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవారే కూర్చోవాలా?

మధురవాడ విద్యార్థి (ప్రశ్న): ఇంజిన్ ఆగిపోయిన కారును మరో కారుతో లాగేటప్పుడు, వెనక కారు స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న వ్యక్తి ఉండాలని ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష పుస్తకంలో చదివాను. ఇంజిన్ నడవని బండికి లైసెన్సు దేనికని మా అన్నయ్య వాదిస్తున్నాడు. ఏది సరైనది?

ఎన్ఏడీ వాసి: మీ అన్నయ్య మాటలో కొంత న్యాయం ఉంది. కదిలించే శక్తి ముందు బండిదే కాబట్టి, వెనక కూర్చున్న వ్యక్తి నిజానికి బండిని నడపడం లేదు. స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుంటే చాలు, ఆ పని ఇంట్లో ఎవరైనా చేయగలరు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి.

గాజువాక మెకానిక్: ఎన్ఏడీ వాసి గారూ, కదిలించే శక్తి ముందు బండిదేనన్న మాట నిజమే. కానీ తాడు లాగగలదే తప్ప నెట్టలేదు, ఆపలేదు. కాబట్టి వెనక బండిని ఆపవలసింది అందులో కూర్చున్న వ్యక్తే. 1989 నాటి రోడ్డు నియమాలలో రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించరాదని, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదని ఉంది. ఆ వేగంలో బండి సెకనుకు సుమారు 6.7 మీటర్లు సాగుతుంది, అంటే మధ్యనున్న 5 మీటర్లు ముప్పావు సెకనులో అయిపోతాయి. ముందు బండి ఉన్నట్టుండి ఆగిపోతే, బ్రేక్ లైటు చూసి కాలు కదిపే లోపే గుద్దుకుంటాం. అందుకే వెనక కూర్చున్నవారు ముందు బండి అద్దాల గుండా దాని ముందున్న రోడ్డును చూస్తూ, తాడు వదులవుతున్నట్టు కనిపించిన క్షణంలోనే మెల్లగా బ్రేక్ వేస్తూ ఉండాలి.

సింహాచలం కొండ మీద ఆగిపోయిన కారును తాడుతో కిందకు దించుతున్నారనుకోండి. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది కాబట్టి తాళం ఆన్‌లో ఉంచాలి. ఇంజిన్ ఆగిన తరువాత బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతుంది. ఆపైన పెడల్ రాయిలా గట్టిపడి, బలమంతా పెట్టి తొక్కితే గాని బండి ఆగదు. పవర్ స్టీరింగ్ కూడా పనిచేయదు కాబట్టి ప్రతి మలుపులోనూ చక్రం బరువుగా తిరుగుతుంది. అలవాటు లేనివారు మొదటి మలుపులోనే పెడల్ పాడైందనుకుని కంగారు పడతారు. ఘాట్ రోడ్డు దిగడానికి తాడు వాడవద్దనే నేను చెబుతాను. ముందు చక్రాలు ఎత్తే క్రేన్ పిలిపించండి. అలా ఎత్తి లాగితే ఆ కారులో ఎవరూ కూర్చోనవసరం లేదని నియమమే చెబుతోంది.

అనకాపల్లి రైతు: మా ట్రాక్టర్ వెనక చెరకు ట్రాలీలో స్టీరింగే లేదు, ఎవరూ కూర్చోరు. మరి మేము తప్పు చేస్తున్నట్టేనా?

గాజువాక మెకానిక్: కాదండీ, మీది వేరే సంగతి. ట్రాలీని ట్రాక్టర్‌కు కలిపేది గట్టి ఇనుప కడ్డీ; అది లాగుతుంది, ట్రాక్టర్ ఆగినప్పుడు ట్రాలీని అడ్డుకుంటుంది కూడా. అయితే ఆ బరువంతా ట్రాక్టర్‌ను వెనక నుంచి నెడుతుంది. కాబట్టి పల్లంలో న్యూట్రల్ వేయకుండా ముందే చిన్న గేరులోకి మారండి. ట్రాలీకి రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మరవవద్దు.

సీతమ్మధార టీచర్: 24 అన్న అంకె 1989 నాటిది, 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. కాబట్టి పరీక్ష రాసేవారు రవాణా శాఖ ఇప్పుడు ఇస్తున్న ప్రశ్నావళిలోని జవాబునే చూసుకోవాలి. బండి వెనక తెల్లని పలక మీద కనీసం 75 మిల్లీమీటర్ల ఎత్తున్న నల్ల అక్షరాలతో 'ఆన్ టో' అని రాయాలని పాత నియమాల్లో ఉంది. మన ఊళ్లో ఆ పలక కట్టేవారు అరుదు. ఆటోమేటిక్ గేరు కారును చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేరుబాక్సు పాడైపోవచ్చు కాబట్టి, ముందు ఆ కారు మాన్యువల్ పుస్తకం చూడండి.

మధురవాడ విద్యార్థి: ధన్యవాదాలండీ. ఇంకొక్క సందేహం: ఎల్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉన్నవారు, పక్కన లైసెన్సు ఉన్న వ్యక్తిని పెట్టుకుని, ఎల్ గుర్తు అతికించి ఆ కారు స్టీరింగ్ దగ్గర కూర్చోవచ్చా?

ఎన్ఏడీ వాసి: కూర్చోవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సే, షరతులు పాటిస్తే సరిపోతుంది.

గాజువాక మెకానిక్: కాగితం మీద మీ వాదన నిలుస్తుందేమో గాని, నేను ఒప్పుకోలేను. పక్కన కూర్చున్నవారు హ్యాండ్‌బ్రేక్ అందుకునేసరికి ఆ ముప్పావు సెకను గడిచిపోతుంది. పక్కనున్న ఆ లైసెన్సుదారుడినే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టండి.