మైనస్ 6% అంటే "సాధారణం" అట, మా పత్తి మాత్రం పోయింది. ఈ లెక్క ఎలా చదవాలి?

నల్లరేగడి_రైతు
అందరికీ నమస్కారం. మా మండలం వర్షపాతం లెక్క చూసి రెండు రోజులుగా ఒకటే టెన్షన్. సీజన్ మొత్తానికి తేడా -6% అని, "సాధారణం" అని వేశారు. నెలల వారీగా ఉన్న లెక్క ఇది, మిల్లీమీటర్లలో:

జూన్: పడాల్సింది 60, పడింది 24 (-60%)
జులై: పడాల్సింది 130, పడింది 91 (-30%)
ఆగస్టు: పడాల్సింది 170, పడింది 68 (-60%)
సెప్టెంబర్: పడాల్సింది 140, పడింది 287 (+105%)

నాలుగు నెలల శాతాలు కలిపి నాలుగుతో భాగిస్తే నాకు -11 వస్తోంది. వాళ్లు -6 అంటున్నారు. ఎవరిది తప్పు? అసలు మూడు నెలలు ఎండగట్టిన ఏడాది సాధారణం ఎలా అవుతుంది? ఆగస్టులో గూడ, పూత అంతా రాలిపోయింది. చేలో నడిస్తే కాళ్ల కింద గలగలమనేది.

వానలెక్క
అన్నా, లెక్క వాళ్లదే కరెక్ట్. శాతాలను సగటు చేయకూడదు. జూన్‌లో 60 మి.మీ. మీద 60 శాతం లోటంటే 36 మి.మీ. ఆగస్టులో 170 మీద అదే 60 శాతమంటే 102 మి.మీ. రెండూ -60 అనే కనిపిస్తాయి గానీ బరువులు వేరు. ముందు మిల్లీమీటర్లు కూడాలి, ఆ తర్వాతే శాతం కట్టాలి. పడాల్సింది 500, పడింది 470. తక్కువైంది 30. అది 500లో 6 శాతం.

ప్లస్ 19 నుంచి మైనస్ 19 వరకు సాధారణం కిందే లెక్క. దేశం మొత్తానికైనా మండలానికైనా ఇదే రూలు.

గోదారి_గట్టు
నేను ఈ సైట్‌కి కొత్త. మైనస్ 60 శాతం అంటే వర్షం పడే అవకాశం 60 శాతం తక్కువ అని కదా? అలాగైతే మాకు వచ్చే వారం ఎంత ఉందో ఎక్కడ చూడాలండీ?

కొలగాజు
గోదారి గారూ, ఇది జరిగిపోయిన వర్షం లెక్క. వచ్చే వారం సంగతి ఇందులో ఉండదు, దానికి వాతావరణ శాఖ సూచన విడిగా చూసుకోవాలి.

రైతు గారూ, వర్షమాపకం రీడింగులు చూసే పని కొన్నేళ్లు చేశాను కాబట్టి మీ లెక్క నాకు ఎదురుగా కనిపిస్తున్నట్టే ఉంది. వానలెక్క తమ్ముడు కూడిక సరిగ్గానే చేశాడు. రూలు విషయంలో మాత్రం సగమే కరెక్ట్. ఆ ±19 పట్టీ మండలాలకు, జిల్లాలకు, వాతావరణ సబ్‌డివిజన్లకు. దేశం మొత్తానికి వేరే కొలబద్ద ఉంది. నాలుగు నెలల దేశ సగటు 87 సెంటీమీటర్లు, 1971 నుంచి 2020 వరకు యాభై ఏళ్ల వర్షాల మీద కట్టింది. అందులో 96 నుంచి 104 శాతం పడితేనే సాధారణం అంటారు. 90 కన్నా తగ్గితే లోటు సంవత్సరం.

2023 గుర్తుందా? ఆ ఏడాది దేశంలో 94 శాతం పడింది. అంటే మీ మండలం లాగే -6. దాన్ని "సాధారణం కన్నా తక్కువ" అన్నారు. అదే -6 ఒక్క మండలానికైతే సాధారణం. ఇందులో మోసమేమీ లేదు. ఇంత పెద్ద దేశంలో ఒకచోట తగ్గినా ఇంకోచోట కురుస్తుంది, కాబట్టి మొత్తం సగటు పెద్దగా ఊగదు. అది 6 శాతం కదిలిందంటే గట్టి మార్పే. ఒక్క మండలంలో ఒక్క మబ్బు దారి తప్పినా 6 శాతం మారిపోతుంది.

నల్లరేగడి_రైతు
కూడిక అర్థమైంది సార్. కానీ మా బాధ అది కాదు. జూన్ చివర వర్షపాతం మ్యాపులో పసుపు రంగులో ఉన్న మా మండలం జులై చివరకు ఎరుపైంది. పసుపు నుంచి ఎరుపుకు వచ్చిందంటే పరిస్థితి ఇంకా దిగజారిందని మేమనుకున్నాం. తీరా చూస్తే -60 కాస్తా -39 అయిందన్నారు, అంటే మెరుగైనట్టట. మాకేమో చేను ఇంకా ఎండుతోంది.

కొలగాజు
మీరు అడిగింది చాలా ముఖ్యమైన మాట, నెమ్మదిగా చెప్తాను.

ముందు రంగుల సంగతి. ఆ మ్యాపులో ఎరుపు అంటే -20 నుంచి -59 వరకు లోటు. -60కి చేరినా, దాటినా పసుపు, అది తీవ్ర లోటు. మన కంటికి ఎరుపే ఎక్కువ ప్రమాదంలా కనిపిస్తుంది కాబట్టి చాలామంది తిరగేసి చదువుతారు. ఆకుపచ్చ సాధారణం, నీలాలు అధికం.

ఇప్పుడు అసలు విషయం. సీజన్ శాతం ఎప్పుడూ జూన్ 1 నుంచి ఆ రోజు దాకా కలిపి కడతారు. జూన్ చివరకు 60కి 24, తక్కువైంది 36 మి.మీ. జులై చివరకు 190కి 115, తక్కువైంది 75 మి.మీ. మీ చేనుకు రావాల్సిన నీటి బాకీ 36 నుంచి 75కు పెరిగింది, రెట్టింపు దాటింది. శాతం మాత్రం -60 నుంచి -39కి వచ్చింది. పై లెక్క కన్నా కింది లెక్క వేగంగా పెరగడం వల్ల అలా కనిపిస్తుంది. పేపర్లో "లోటు తగ్గింది" అని వస్తుంది. తగ్గింది శాతమే, లోటు పెరిగింది.

ఇంకో లెక్క చూడండి. జులైలో మామూలుగా పడాల్సిన 130 మి.మీ. సరిగ్గా పడిందనుకుందాం, ఒక్క చుక్క ఎక్కువ లేకుండా. అప్పుడు 190కి 154 అవుతుంది, -19. మ్యాపులో మీ మండలం ఆకుపచ్చ. జూన్‌లో పోయిన 36 మి.మీ.లో ఒక్క మిల్లీమీటరు కూడా తిరిగి రాలేదు, అయినా తీవ్ర లోటు నుంచి సాధారణానికి వచ్చేస్తారు. అందుకే నేను ఎప్పుడూ శాతం పక్కన ఎన్ని మిల్లీమీటర్లు తక్కువో రాసుకుని చూసేవాణ్ని. ఆ రెండో అంకె లేకుండా జూన్ నెల -60ని, ఆగస్టు చివరి -49ని పోల్చడం కుదరదు. మీ మండలంలో ఆగస్టు చివరి -49 అంటే 177 మి.మీ. బాకీ. జూన్ -60 కన్నా అది దాదాపు అయిదు రెట్లు బరువు.

వానలెక్క
దేశం కొలబద్ద వేరని నాకు నిజంగా తెలియదు సార్, థాంక్స్. ఒక డౌట్. అంత బాకీ ఒక్క సెప్టెంబర్‌లో ఎలా తీరింది? 177 నుంచి 30కి?

నల్లరేగడి_రైతు
తీరలేదు తమ్ముడూ, మీద పడింది. ఉత్తర కార్తెలో రెండు రోజుల్లో 190 మి.మీ. పడింది. పొద్దున చేనుకెళ్తే సాళ్లలో మోకాలి కింద దాకా నీళ్లు. ఆగస్టు ఎండకు తట్టుకుని నిలబడ్డ కాయలు కొన్ని ఉన్నాయి, అవి అడుగున నల్లబడి కుళ్లాయి. ఒక కాయ చీల్చి చూశాను, లోపల దూది పసుపుపచ్చగా ముద్దయిపోయి వాసన కొడుతోంది.

కొలగాజు
ఆ రెండు రోజులు తీసేస్తే మీకు 280 మి.మీ., అంటే -44. సీజన్ తీర్పు మొత్తం రెండు పొద్దుటి రీడింగుల మీద నిలబడి ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకు గాజు కొలపాత్రలో పోసి చూసిన అంకె, అది రాత్రంతా మెల్లగా పడిందో రెండు గంటల్లో కుమ్మరించిందో చెప్పదు. నేలలోకి ఎంత దిగిందో, వాగులోకి ఎంత పోయిందో అసలే చెప్పదు.

ఇలాంటి ఏడాదిని పట్టుకోవడానికి వారం వారం అంకెలు వరుసగా పెట్టుకుని చూడాలి. వరుసగా ఎన్ని వారాలు ఖాళీగా పోయాయి, అప్పుడు పంట ఏ దశలో ఉంది అన్నది అక్కడే దొరుకుతుంది. 2023లో దేశానికీ ఇదే జరిగింది. ఆగస్టు 36 శాతం లోటు, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. జులై, సెప్టెంబర్ రెండూ సాధారణాన్ని దాటాయి కాబట్టి చివరకు -6 దగ్గర ఆగింది. కరువు మండలాలు తేల్చేటప్పుడు కూడా ఈ శాతం ఒక్కటే కాదు, వర్షం లేని వారాలు, నేలలో తేమ, పంట పరిస్థితి చూడాలని కేంద్రం 2016 మాన్యువల్‌లో ఉంది. అర్జీ పెట్టేటప్పుడు -6 గురించి వాదించొద్దు, అది కరెక్టే. ఆగస్టు వారాల అంకెలు జత చేయండి.

చెరువు_కట్ట
నేను మీ అందరితో ఒప్పుకోను. మా ఊళ్లో ఇలాగే చివర్లో పడి చెరువు నిండింది, బోర్లు పైకొచ్చాయి. రబీ శనగకు ఆ నీళ్లే దిక్కయ్యాయి. ఆ 190 మి.మీ. తీసేసి -44 అనడం తప్పు. పడిన నీళ్లు పడినట్టే.

కొలగాజు
మీ మాటలో న్యాయం ఉంది. చెరువుకు సీజన్ మొత్తమే లెక్క, పత్తికి వారమే లెక్క. తీసేయమని నా ఉద్దేశం కాదు, ఆ రెండు రోజులు ఎంత బరువు మోశాయో చూపించడానికే చెప్పాను. అయితే అందులో ఎంత నేలలోకి ఇంకిందన్నది నల్లరేగడిలో ఒకలా, ఎర్ర చెలకలో ఒకలా ఉంటుంది. వర్షం అంకెలతో అది తేలదు.

పెన్నా_తీరం
మాది నెల్లూరు వైపు. సెప్టెంబర్ చివర "లోటు" అని ఎవరైనా ఫోన్ చేస్తే మా నాన్న కంగారు పడరు. మాకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలదే. ఆ మూడు నెలలకు సాధారణం విడిగా ఉంటుంది, తేడా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి శాతం చూసే ముందు ఏ సీజన్‌దో చూడండి.

సొంత_వర్షమాపకం
నాదో ప్రశ్న. ఇంటి దగ్గర వర్షమాపకం పెట్టుకున్నాను. మొన్న మా దగ్గర 42 మి.మీ., మండలం లెక్కలో 11. వాళ్లు సరిగ్గా కొలవట్లేదా?

కొలగాజు
స్టేషన్ మీకు ఎంత దూరం? ఉరుముల వాన అయితే పది కిలోమీటర్ల తేడాలో అలా జరగడం మామూలే. మీ మాపకం చెట్టుకో గోడకో దగ్గరగా ఉందేమో కూడా చూడండి. తేదీ సరిపోల్చండి, పొద్దున ఎనిమిదిన్నర తర్వాత పడింది మర్నాటి తేదీ కింద వస్తుంది. ఒక నెల రెండూ పక్కపక్కన రాయండి, ప్రతిసారీ ఒకవైపే తేడా వస్తుంటే అప్పుడు అనుమానించాలి.

సొంత_వర్షమాపకం
పద్నాలుగు కిలోమీటర్లు సార్. మాపకం మేడ మీద పిట్టగోడ పక్కనే ఉంది, మారుస్తాను. తేదీ సంగతి నాకు తెలియదు, నేను రాత్రి పన్నెండుకు రోజు మార్చి రాస్తున్నాను.

నల్లరేగడి_రైతు
ఆగస్టు వారాల అంకెలు తీసుకొచ్చాను. మొదటి వారం 51, రెండో వారం 9, మూడో వారం 0, ఆ తర్వాత నెలాఖరు దాకా కలిపి 8. మొదటి వారం పడిన 51 వల్ల వాదన బలహీనపడుతుందా సార్?

కొలగాజు
పడదు. ఆ 51 తర్వాత మూడు వారాలకు పైగా 17 మి.మీ. మాత్రమే. అయితే సెప్టెంబర్ మొదటి వారం ఎంతో కూడా పెట్టండి, పొడి అక్కడితో ఆగిందో లేదో దాని మీదే తెలుస్తుంది.