"నా తదనంతరం" అనొచ్చా? పక్కింటి వీలునామాలో ఒక వాక్యం

సీతమ్మధార మాస్టారు:
సభ్యులకు నమస్కారం. మా పక్కింటాయన పోయిన ఏడాదికే పిల్లలు ఇంటి కోసం కోర్టుకెక్కారు. అంతకుముందు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టినప్పుడు, తెలుగు మాస్టార్ని కదా అని ఆయన వీలునామా నా చేతే చదివించారు. ఆ కాగితం మళ్లీ నా కంటపడలేదు. గుర్తున్నంతలో వాక్యం ఇది:

"నా తదనంతరం సదరు ఇల్లు నా భార్య సర్వహక్కులతో అనుభవించి, తదనంతరం నా ఇద్దరు కుమారులు చెరిసగం పొందవలెను."

"అనుభవించి" అని ఉందో, "అనుభవించవలెను" అని ఆగి కొత్త వాక్యం మొదలైందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఆవిడ ఇప్పుడు పై వాటా కూతురి పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయించారు. అమ్మకి ఉండే హక్కే గానీ ఇచ్చే హక్కు ఎక్కడిదని కొడుకులు. నాన్న సర్వహక్కులూ అని రాశాడు కదా అని కూతురు.

అది చూశాక నా వీలునామా నేనే రాసుకుందామని కూర్చున్నాను. తీరా చూస్తే నా కలం కూడా "నా తదనంతరం" అనే మొదలుపెట్టింది! అది సాధువేనా? రెండో సంగతి, పైన పోతన గారి పాదం ఒకటి పెట్టుకోవాలని ఉంది. "వారేరీ సిరి మూటగట్టుకొని" తర్వాత "పోవంజాలిరే" అనా, "పోగల్గిరే" అనా?

యతిప్రాస:
రెండోదానికి ముందు జవాబు. శార్దూలం కదా మాస్టారూ, మొదటి అక్షరం "వా", పదమూడోది "వం". "పోగల్గిరే" అన్నారంటే ఆ "వం" ఎగిరిపోతుంది, యతి తప్పుతుంది, గణమూ కుంటుతుంది. "పోవంజాలిరే" తప్ప దారి లేదు. అసలు ఆ పద్యం నాలుగు పాదాల్లో ప్రాస "ర"కారం ఎంత తేలిగ్గా నడిచిందో చూడండి. కారే, వారేరీ, పేరైనం, యీరే... వెతుక్కున్న మాట ఒక్కటైనా ఉందా?

వాడుక మాట:
"నా తదనంతరం" నూటికి నూరుపాళ్లూ సాధువే. మా తాతగారు దస్తావేజులు రాసేవారు, జీవితాంతం అలాగే రాశారు.

మధురవాడ శాస్త్రులు:
తాతగారి మీద గౌరవంతోనే అంటున్నాను, అది తప్పు. తత్ + అనంతరం, అంటే దాని తర్వాత. "నా తదనంతరం" అంటే "నా దాని తర్వాత" అని. ఏ దాని? "నా అనంతరం" అంటే సరిపోయేదానికి ఆ "త" ఎందుకు దూరింది? పైగా మాస్టారు చెప్పిన వాక్యంలో అసలు జబ్బు ఇంకోచోట ఉంది. "అనుభవించి" క్త్వార్థకం. అనుభవించేది భార్య, పొందేది కొడుకులు. కర్తలు వేరైనప్పుడు క్త్వార్థకం ఎలా కుదురుతుంది? "అనుభవించిన పిమ్మట" అనాలి. పరీక్ష పేపరైతే మాస్టారే ఎర్రసిరా పెట్టేవారు.

వాడుక మాట:
"వాన కురిసి గట్టు తెగింది." కురిసింది వాన, తెగింది గట్టు. దీనికీ ఎర్రసిరా పెడతారా శాస్త్రులుగారూ? గిడుగు వారు తిరిగిన ఉత్తరాంధ్రలో కూర్చుని ఈ మాట అనడానికి ధైర్యం కావాలి.

మధురవాడ శాస్త్రులు:
అక్కడ కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి చెల్లింది. భార్య అనుభవించడం వల్ల కొడుకులకు రావడం లేదుగా!

బీచ్ రోడ్డు:
మాస్టారు అడిగేది వీలునామా అనే మాట గురించే అనుకుంటా. వీలున్నప్పుడు రాసుకునే నామా కాబట్టి వీలునామా అయిందని నా ఊహ.

వాడుక మాట:
ఇంగ్లీషు విల్లుకి పారసీ నామా తగిలించుకున్నాం, అంతే. వీలు చూసుకుని రాసేదైతే ఎవరూ రాయరు.

పాత ప్లీడరు:
ఈ ఊళ్లోనే చాలాకాలం సివిల్ ప్రాక్టీసు చేశాను కాబట్టి ఒక మాట. మాస్టారూ, మొదటి "తదనంతరం"లో "త" ఉన్నా లేకపోయినా ఏ జడ్జీ పట్టించుకోడు. 1925 నాటి వారసత్వ చట్టమే చెబుతుంది, వీలునామాకి పారిభాషిక పదాలు అక్కర్లేదు, రాసినవాడి మనసు తెలిస్తే చాలు అని. గొడవంతా రెండో "తదనంతరం" దగ్గర. ఆ "తత్" దేన్ని పట్టుకుంటుంది? భార్య కాలం చేయడాన్నా, ఆయన కాలం చేయడాన్నా?

కొడుకుల తరఫున నేనుంటే "అనుభవించి" మీద నిలబడతాను. వాక్యం ముగియలేదు, ఆవిడ అనుభవం అయ్యాకే కొడుకుల వంతు, అంటే ఆవిడకిచ్చింది జీవితకాలపు హక్కు మాత్రమే అంటాను. కూతురి తరఫునైతే "సర్వహక్కులతో" పట్టుకుంటాను. అమ్ముకునే, దానమిచ్చే హక్కు లేకుండా సర్వహక్కులేమిటి? ఒకసారి ఆస్తి పూర్తిగా ఇచ్చేశాక, మళ్లీ కొడుకులకి ఇవ్వడానికి ఆయన దగ్గర మిగిలిందేమీ లేదు అంటాను. రెండు వాదనలూ కోర్టుల్లో గెలిచినవే. కాబట్టి శాస్త్రులుగారు పట్టుకున్న "చి" నిజంగానే విలువైనది.

గ్రంథాలయం మెంబరు:
అంత దూరం ఎందుకు? దస్తావేజులో మొదటి మాట, వీలునామాలో చివరి మాట చెల్లుతుందని నానుడి. చివర కొడుకులన్నాడు కాబట్టి కొడుకులదే. అదలా ఉంచితే 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక భార్యకి ఏమిచ్చినా పూర్తి హక్కే. మన ఆంధ్రా తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టే చెప్పింది.

పాత ప్లీడరు:
తమ్ముడూ, ఒకే పోస్టులో కొడుకుల్నీ గెలిపించావు, తల్లినీ గెలిపించావు! చివరి మాట చెల్లేది రెండూ ఏ విధంగానూ పొసగనప్పుడే. ముందు మొత్తం కాగితం కలిపి చదివి పొసగించడానికి చూస్తారు. ఇక తులసమ్మగారిది వేరే సంగతి. ఆవిడకి ముందునుంచే మనోవర్తి హక్కు ఉంది, దానికి బదులుగా వచ్చిన ఆస్తి అది. అందుకని పరిమితంగా ఇచ్చినా పూర్తి హక్కయింది. అదే చట్టం 14వ సెక్షన్ రెండో భాగంలో, వీలునామాయే కొత్తగా పరిమితమైన హక్కు ఇస్తే అది పరిమితంగానే ఉంటుందని ఉంది. పక్కింటావిడ ఏ భాగంలోకి వస్తారన్నది, ఆ ఇల్లు ఆవిడకి ఎందుకిచ్చారో కాగితంలో ఏం రాశారన్న దాని మీద ఉంటుంది. నేను కాగితం చూడలేదు.

గాజువాక అమ్మాయి:
మాది మాటల గొడవ కాదు, సాక్షుల గొడవ. మా నాన్నగారి వీలునామాలో ఇద్దరూ ఆయన ఈడువాళ్లే. నాన్న పోయేసరికి ఇద్దరూ లేరు. రిజిస్టరయింది కదా, టెన్షన్ ఎందుకు అనుకున్నాం. ఎదుటివాళ్లు సంతకమే ఆయనది కాదన్నారు. ఒక సాక్షి చేతిరాత గుర్తుపట్టే మనిషి కోసం ఆయన పాత ఆఫీసువాళ్ల చుట్టూ తిరిగాం. మాస్టారూ, మీ శిష్యుల్లో ఇద్దర్ని పెట్టుకోండి. మీ కంటే చిన్నవాళ్లని.

పాత ప్లీడరు:
చక్కగా చెప్పావమ్మా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. కానీ ఇద్దరు సాక్షులు లేకపోతే అది వీలునామాయే కాదు. మాస్టారు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, లేదా ఇది నా సంతకమేనని ఆయనే వాళ్లకి చెప్పాలి. వాళ్లు ఆయన ఎదుట సంతకం పెట్టాలి. రేపు గొడవొస్తే, బతికున్నవాళ్లలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి ఇదే చెప్పాలి. రిజిస్టరు చేయించినా ఆ పని తప్పదు. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి, అనవసరమైన అనుమానం.

యతిప్రాస:
పోతన దగ్గరికి రండి ఒకసారి. ఆ పద్యం వీలునామా మీద పెట్టడం భావ్యమేనా? బలి ఆ మాటలు శుక్రాచార్యుడితో అంటున్నది దానం చేసేముందు.

పాత ప్లీడరు:
మంచి పాయింటు. బలిది దానం. ధారపోశాక చెయ్యి దాటిపోయింది, గురువుగారు అడ్డుపడాల్సిందేదో అంతకుముందే పడాలి. వీలునామా అలా కాదు. రాసినవాడు బతికుండగా ఎవరికీ ఏమీ రాదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. పక్కింటావిడ చేసింది బలి పని. అందుకే కొడుకులు ఆవిడ బతికుండగానే కోర్టుకెళ్లారు.

సీతమ్మధార మాస్టారు:
అయితే పద్యం కాగితం మీద వద్దు, నా పుస్తకంలోనే ఉంటుంది. ప్లీడరుగారూ, మీరు చెప్పింది విని మళ్లీ రాశాను. ఇల్లు నా స్వార్జితం. మా ఆవిడ బతికున్నంతకాలం హాయిగా ఉండాలి, తర్వాత అబ్బాయికీ అమ్మాయికీ సమంగా రావాలి.

"నేను చనిపోయిన తర్వాత ఈ ఇంట్లో నా భార్య తాను బతికి ఉన్నంతకాలం నివసించవచ్చు, అద్దె తీసుకోవచ్చు. అమ్మడానికి, దానం చేయడానికి, తాకట్టు పెట్టడానికి ఆమెకు హక్కు లేదు. ఆమె చనిపోయిన తర్వాత ఈ ఇల్లు నా కుమారునికి, కుమార్తెకు చెరిసగం పూర్తి హక్కులతో చెందుతుంది."

పాత ప్లీడరు:
తర్వాత ఎవరి తర్వాతో తెలుస్తోంది, హక్కు ఎంతవరకో తెలుస్తోంది. ఒక్కటే లోటు. అమంగళం అనుకోకండి, ఆవిడ మీకంటే ముందు పోతే? "నా భార్య నాకంటే ముందు మరణిస్తే, నా మరణం తర్వాత నేరుగా పిల్లలిద్దరికీ" అని ఒక వాక్యం కలపండి. ఇంకో మాట. తాకట్టు కూడా వద్దన్నారు, రేపు ఆవిడకి పెద్ద ఆపరేషన్ అవసరమై పిల్లలు డబ్బు పెట్టకపోతే? అది చట్టం ప్రశ్న కాదు, మీ ఇంటి ప్రశ్న. ఆవిణ్ని అడిగారా?

సీతమ్మధార మాస్టారు:
అడిగాను. "నా ఇంట్లో నాకు ఉండే హక్కు నువ్విచ్చేదేమిటి" అంది. తాకట్టు ముక్క కొట్టేయమంటోంది. అబ్బాయి ఉంచమంటున్నాడు.

మధురవాడ శాస్త్రులు:
అది మీరూ మీరూ తేల్చుకోండి గానీ, "చనిపోయిన తర్వాత" మరీ మోటుగా లేదూ? "నా అనంతరం" అంటే పోయేదేముంది? "త" లేకుండా.

వాడుక మాట:
మోటే మేలు. "అనంతరం" అంటే రేపు మళ్లీ ఎవరో ఒకరు దేని అనంతరం అని వస్తారు.

మధురవాడ శాస్త్రులు:
"నా" అని ముందే ఉండగా ఎలా వస్తారు?

యతిప్రాస:
ఎవరి దగ్గరైనా అష్టమ స్కంధం పాత ముద్రణ ఉంటే ఆ పాదం ఫొటో పెట్టండి. "పోవంజాలిరే" విడదీసి అచ్చేశారా, కలిపారా చూడాలి.