యావరేజ్ 450 అంటోంది యాప్, నా డబ్బు వెనక్కి రావాలంటే ఎంతకి అమ్మాలి?

మారతహళ్లి కుర్రాడు: 2024 ఫిబ్రవరిలో ఒక షేర్ 620 చొప్పున 40 కొన్నాను. 2025 నవంబర్‌లో 450కి పడితే ఇంకో 60 కొన్నాను, యావరేజ్ 518 అయింది. జనవరిలో 500కి వచ్చింది కదా అని ఆ కొత్త 60 అమ్మేశాను, 3,000 లాభం అనుకున్నా. యాప్‌లో చూస్తే 3,800 నష్టం అని ఉంది, పైగా మిగిలిన 40కి యావరేజ్ 450 అని చూపిస్తోంది! ఇప్పుడు ఎంతకి అమ్మితే నేను గట్టునపడ్డట్టు?

వైట్‌ఫీల్డ్ వీరుడు: ఇందులో టెన్షన్ పడాల్సింది ఏముంది బ్రో. నష్టం ఆల్రెడీ బుక్ అయిపోయింది, అది గతం. యావరేజ్ 450 అని యాపే చెప్తోంది కదా, 450 పైన ఎంతకి అమ్మినా లాభమే. ఇప్పుడు 500 ఉందంటే నువ్వు ప్రాఫిట్‌లో ఉన్నట్టే. అమ్మేసి వేరే దాంట్లో పెట్టు.

జయనగర్ లెక్కలాయన: వీరుడూ, ఆ 40 షేర్ల వరకే చూస్తే నువ్వు చెప్పింది కరెక్టే. కానీ అతను అడిగింది తన డబ్బు గురించి.

డీమ్యాట్ ఖాతాలో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. నువ్వు మనసులో ఏ 60 అనుకున్నావన్నది అక్కడ పనికిరాదు తమ్ముడూ. అమ్మింది పాత 40 మొత్తం, కొత్తవాటిలో 20. వాటికి పెట్టింది 24,800, 9,000 కలిపి 33,800. వచ్చింది 30,000. అందుకే 3,800 నష్టం. మిగిలినవన్నీ 450వే కాబట్టి యావరేజ్ 450 అయింది. యాప్ తప్పు చెప్పలేదు, కాకపోతే నీ ప్రశ్నకి జవాబు ఆ పేజీలో లేదు.

నీ జవాబు కావాలంటే ఏ యావరేజూ వద్దు. జేబులోంచి పోయింది ఎంత, తిరిగి వచ్చింది ఎంత, ఇంకా చేతిలో ఉన్నవి ఎన్ని, అంతే:

```
(51800 - 30000) / 40 = 545
```

నమ్మకం లేకపోతే మూడు దారుల్లోనూ వేసి చూసుకో. యాప్ దారిలో 40 షేర్ల ఖరీదు 18,000, దానికి నష్టం 3,800 కలుపు. 518 దారిలో 40 షేర్లు 20,720, అమ్మిన 60 మీద షేరుకి 18 చొప్పున పోయిన 1,080 కలుపు. నువ్వు అనుకున్న దారిలో పాత 40 ఖరీదు 24,800, అందులోంచి 3,000 లాభం తీసెయ్. మూడుసార్లూ 21,800 వస్తుంది, 40తో భాగిస్తే 545. ఏ లెక్కలో నష్టాన్ని ఎప్పుడు రాశారన్నదే తేడా.

తిప్పసంద్ర రూమ్మేట్: ఆగండి, 518 ఎలా వచ్చింది అసలు? 620, 450 కలిపి సగం చేస్తే 535 కదా?

జయనగర్ లెక్కలాయన: రెండుసార్లూ సమానంగా కొని ఉంటే 535. తక్కువ ధరలో ఎక్కువ కొన్నాడు కాబట్టి అటువైపు లాగింది. మొత్తం 51,800ని 100తో భాగించు.

కేఆర్‌పురం అక్క: నాదీ ఇలాంటిదే అండీ. పోయినేడు ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు, నేను ఒక్క రూపాయి పెట్టకుండానే యావరేజ్ సగానికి సగం పడిపోయింది. అంటే నా షేర్ కూడా వీళ్లలాగే ముందు కొన్నవి అమ్ముడైపోయాయా? మావారిని అడిగితే యాప్ తీసేయమంటారు.

జయనగర్ లెక్కలాయన: లేదండీ, మీవి ఏవీ అమ్ముడుపోలేదు. షేర్లు రెట్టింపయ్యాయి, పెట్టిన డబ్బు అంతే ఉంది, అందుకే సగం. కాకపోతే అమ్మేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. పన్ను లెక్కలో బోనస్ షేర్ల కొన్న ధర సున్నా, పాతవాటికి పూర్తి ధర. ముందు పాతవి పోతాయి కాబట్టి సగం అమ్మినప్పుడు నష్టమో తక్కువ లాభమో కనిపించి, తర్వాతి సగంలో పెద్ద లాభం కనిపిస్తుంది. అప్పుడు కంగారు పడొద్దు.

మారతహళ్లి కుర్రాడు: అన్నా, 545 అర్థమైంది. కానీ ముందు 518కి వస్తే చాలు అనుకునేవాణ్ణి, ఇప్పుడు 545 అయిందంటే 60 అమ్మి తప్పు చేసినట్టేనా?

వైట్‌ఫీల్డ్ వీరుడు: తప్పే మరి. 518 కంటే తక్కువకి ఎన్ని అమ్మితే మిగిలినవాటి మీద అంత బరువు పడుతుంది. 1,080ని 40 మీద వేస్తే షేరుకి 27, అదే 518కి 27 కలిపి 545. ఉంచుకుని ఉంటే 500 నుంచి మూడున్నర శాతం పెరిగితే బయటపడేవాడివి, ఇప్పుడు తొమ్మిది శాతం పెరగాలి.

బొమ్మసంద్ర బాబాయ్: పొద్దున 450 పైనంతా లాభమే అన్నావు, సాయంత్రానికి 545 లెక్క నువ్వే చెప్తున్నావు, బాగుందిరా అబ్బాయ్. లెక్క కరెక్టే, తీర్పు కాదు. శాతం చూసి భయపెట్టకు, రూపాయలు చూడు. ధర 500 దగ్గర వంద షేర్లూ ఉంచుకున్నా నష్టం 1,800, 60 అమ్మేసినా నష్టం 1,800. అమ్మినందుకు అతని దగ్గర్నుంచి ఏమీ పోలేదు. రేపు మళ్లీ 450కి వెళ్తే వందతో ఉన్నవాడికి 6,800 పోతుంది, ఇతనికి 3,800తో సరి. 530కి వెళ్తే మాత్రం వందతో ఉన్నవాడు లాభంలో ఉంటాడు, ఇతను ఇంకా నష్టంలోనే ఉంటాడు. ఎటు వెళ్తుందో తెలిస్తే ఇక్కడ ఎవరూ ఉద్యోగాలు చెయ్యరు.

ఇంకో మాట, చార్జీలు ఎవరూ కలపలేదే?

జయనగర్ లెక్కలాయన: కలుపుతున్నా బాబాయ్. డెలివరీకి కమీషన్ లేని బ్రోకర్ అనుకుందాం. కొన్నా అమ్మినా ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.1 శాతం, కొన్నప్పుడు స్టాంప్ డ్యూటీ 0.015 శాతం, ఎక్స్చేంజ్ చార్జీ, దాని మీద జీఎస్టీ చిల్లర. ఇవి కాక డీమ్యాట్ ఖాతాలోంచి షేర్లు బయటికి పంపినందుకు అమ్మిన ప్రతి రోజూ డీపీ చార్జీ ఒకటి, అది పది షేర్లు అమ్మినా వెయ్యి అమ్మినా అంతే, ఇక్కడ 16 వేసుకుంటున్నా. రెండుసార్లు కొన్నందుకు సుమారు 62, 60 అమ్మినందుకు 47, మిగిలిన 40 అమ్మేటప్పుడు ఇంకో 39. అన్నీ కలిపి దాదాపు 150. అదంతా ఇప్పుడు 40 షేర్లే మొయ్యాలి కాబట్టి షేరుకి నాలుగు రూపాయల దాకా పడుతుంది. 549 అనుకో. బ్రోకర్ రెండువైపులా అర శాతం కమీషన్ తీసుకునే పాత రకమైతే 564 దగ్గరికి పోతుంది. యాప్‌లో కనిపించే యావరేజ్‌లో సాధారణంగా ఇవేవీ ఉండవు, బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్ తెరిచి చూసుకోవాలి.

అసలు దెబ్బ ఇది కాదు, పన్ను. నీ 3,800 నష్టం ఒక ముక్క కాదు తమ్ముడూ. పాత 40 ఏడాది దాటినవి, వాటి మీద 4,800 లాంగ్ టర్మ్ నష్టం. కొత్త 20 మీద 1,000 షార్ట్ టర్మ్ లాభం. లాంగ్ టర్మ్ నష్టాన్ని షార్ట్ టర్మ్ లాభంలోంచి తీసెయ్యడానికి కుదరదు. అంటే ఈ షేర్‌లో ఇప్పటిదాకా నష్టపోయి కూడా 1,000 మీద 20 శాతం పన్ను, సెస్‌తో 208 కడతావు.

మారతహళ్లి కుర్రాడు: నష్టం వచ్చినందుకు పన్నా?! జీతంలో ఆల్రెడీ కోస్తున్నారు కదా.

జయనగర్ లెక్కలాయన: ఇంకా ఉంది విను. మిగిలిన 40 పన్ను దృష్టిలో 450వి. 2026 నవంబర్ లోపు 549కి అమ్మితే నీకు సరిగ్గా గట్టునపడ్డట్టు అనిపిస్తుంది, కానీ కాగితం మీద షేరుకి 99 లాభం, దాని మీద మళ్లీ 20 శాతం. ఆ పన్నూ, ముందు చెప్పిన 208, చార్జీలూ అన్నీ రాబట్టుకోవాలంటే 581 దగ్గర అమ్మాలి. నవంబర్‌లో కొన్న తేదీకి ఏడాది దాటాక అమ్మితే లాభం లాంగ్ టర్మ్ అవుతుంది, నీ 4,800 నష్టం అందులో సర్దుబాటు అవుతుంది, అది కాకపోయినా ఏడాదికి 1.25 లక్షల దాకా లాంగ్ టర్మ్ లాభానికి పన్ను లేదు. అప్పుడు 554 చాలు. ఈ ఏడాది రిటర్న్ మాత్రం గడువులోపే వెయ్యి, లేటైతే ఆ నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనివ్వరు. టైముకి వేస్తే ఎనిమిదేళ్లు వాడుకోవచ్చు. ఈలోపు వేరే షేర్‌లోనో ఫండ్‌లోనో లాంగ్ టర్మ్ లాభం 1.25 లక్షలు దాటితే అక్కడా పనికొస్తుంది.

తిప్పసంద్ర రూమ్మేట్: అయితే నిజంగా కొత్తవే అమ్మాలనుకుంటే దారే లేదా?

జయనగర్ లెక్కలాయన: ఉంది. ముందు కొన్నది ముందు పోవడం అన్నది ఒక్కో డీమ్యాట్ ఖాతాకి విడిగా. కొత్త 60ని రెండో ఖాతాలో కొని ఉంటే, అందులోంచి అమ్మినప్పుడు 450వే పోయేవి, నువ్వనుకున్న 3,000 లాభం కాగితం మీద కూడా వచ్చేది. దానికి పన్ను 624 అయ్యేదనుకో, కానీ 620 నాటి షేర్లు లాంగ్ టర్మ్ హోదాతో అలాగే ఉండేవి. ఇంకోటి, కొన్న రోజే అదే ఎక్స్చేంజ్‌లో అమ్మేస్తే పాతవాటి జోలికి పోదు, అది ఇంట్రాడే, దాని పన్ను వేరే.

వైట్‌ఫీల్డ్ వీరుడు: ఇదంతా బానే ఉంది కానీ 554 కోసం నవంబర్ దాకా కూర్చోవడం కంటే ఇవాళ 500కి అమ్మేసి మంచి షేర్ కొనుక్కుంటే ముందే రికవర్ అవ్వొచ్చు కదా.

జయనగర్ లెక్కలాయన: అమ్మొచ్చు. ఇవాళ అమ్మితే 40 మీద 2,000 షార్ట్ టర్మ్ లాభం, పన్ను 416. మొత్తంమీద అసలు నష్టం 1,800, పైన పన్నులు 624, చార్జీలు 150. దగ్గర దగ్గర 2,570 పోయినట్టు. కొత్త షేర్ ముందు ఆ గుంత పూడ్చాలి.

బొమ్మసంద్ర బాబాయ్: నాకు నచ్చనిది ఒకటే. ఈ 545, 554, 581 అన్నీ నీకు తెలిసిన నంబర్లు, ఆ షేర్‌కి తెలియవు. కంపెనీ మళ్లీ 554 విలువ చేస్తుందా అని ఎవరూ అడగలేదు. నేను 1990లలో ఒకదాన్ని గట్టునపడేదాకా అమ్మనని పట్టుకు కూర్చున్నా, చివరికి కంపెనీనే లిస్టులోంచి తీసేశారు.

జయనగర్ లెక్కలాయన: ఒప్పుకోను బాబాయ్, పన్ను తేదీ ఒకటి కళ్ల ముందుండగా నంబర్ అక్కర్లేదంటే ఎలా. ఒకే షేర్, ఒకే ధర, నవంబర్‌కి నాలుగు రోజులు ముందు అమ్మడానికీ తర్వాత అమ్మడానికీ ఇతనికి షేరుకి 20 రూపాయల పైనే తేడా వస్తోంది.

బొమ్మసంద్ర బాబాయ్: ఆ నాలుగు రోజులకైతే సరే. ఇప్పట్నుంచి నవంబర్ దాకా అంటే నేను ఒప్పుకోను.

మారతహళ్లి కుర్రాడు: ప్రస్తుతానికి 20 అమ్మి 20 ఉంచుదామనుకుంటున్నా. రెండు విడతలు కాబట్టి డీపీ చార్జీ ఇంకోసారి పడుతుంది కదా?

జయనగర్ లెక్కలాయన: పడుతుంది. 20 ఏ ధరకి అమ్మావో చెప్పు, మిగిలిన 20కి మళ్లీ వేసి చెప్తా.