కొన్న రోజున కట్టిన పేరుకున్న వడ్డీ: మోసమా, మన డబ్బేనా?

గట్టుమీద_గోపి: మొన్న సోమవారం, మార్చి 3న, 7.18% 2033 ప్రభుత్వ బాండ్ లక్ష ముఖవిలువకి కొన్నాను. ధర 102.80 అని చూపించింది, అంటే 1,02,800 కదా? ఖాతాలోంచి 1,03,198.89 పోయింది. ఈ 398.89 ఎవరికి పోయింది? ఆగస్టులో వచ్చే కూపన్, అదే ఆర్నెల్ల వడ్డీ, మొత్తానికీ నేనే ట్యాక్స్ కట్టాలా?

లెక్కల_మాస్టారు: అమ్మినాయనకే పోయింది. ఈ బాండ్‌కి ఫిబ్రవరి 14న, ఆగస్టు 14న కూపన్ పడుతుంది. ఫిబ్రవరి 14 నుంచి సెటిల్‌మెంట్ దాకా, అంటే బాండ్ మీ పేరుకి మారిన మార్చి 4 దాకా, ఆయన పట్టుకున్న రోజుల వడ్డీ ఆయనకి చెందాలి. ఆగస్టులో మాత్రం 3,590 మొత్తం మీ చేతికే వస్తుంది, అందుకే ఆయన వాటా ముందే ఇచ్చారు.

పొదుపు_పద్మ: మా నాన్నగారు ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీ కోసేశారండీ. ఇదీ అదే అనుకుంటా.

లెక్కల_మాస్టారు: కాదమ్మా, ఇక్కడ ఎవరి వడ్డీనీ ఎవరూ కోయలేదు.

కోటయ్య_92: ఫిబ్రవరికి 28 రోజులే. 14 నుంచి మార్చి 4కి 18 రోజులు. 7,180 × 18 / 365 = 354.08. గోపి దగ్గర 44 రూపాయలు ఎక్కువ లాగారు!

లెక్కల_మాస్టారు: మన ప్రభుత్వ బాండ్లలో నెలంటే 30 రోజులు, ఏడాదంటే 360. నెల తేడా ఒకటి, కాబట్టి 30. తేదీల తేడా 4 మైనస్ 14, అంటే పది తగ్గించాలి. 20 రోజులు. 7,180 × 20 / 360 = 398.89. లెక్క కొన్న 3వ తేదీకి కాదు, సెటిలయిన 4కి. 3వ తేదీకి కడితే 19 రోజులే వచ్చి, మీకు 19.94 తేడా కనిపించేది. కంపెనీ బాండ్లకి పద్ధతి వేరుగా ఉండొచ్చు, కాంట్రాక్ట్ నోట్ చూడండి.

కోటయ్య_92: సరే, ఒప్పుకుంటా. కానీ ట్యాక్స్ సంగతి తేలిపోయింది. 2024లో సుప్రీంకోర్టు చెప్పేసింది. 3,590 లోంచి 398.89 తీసేసి 3,191.11కే కట్టు గోపీ.

లెక్కల_మాస్టారు: సగమే నిజం. అది బ్యాంకు కేసు. బాండ్లు దాని వ్యాపార సరుకు, మనం కొని దాచుకునేవాళ్లం. 1991లో విజయా బ్యాంక్ కేసులో అదే కోర్టు ఇలాంటి సొమ్మును కొనుగోలు ధరలో భాగమంది, తగ్గించనివ్వలేదు. అందుకే నేను 3,590 మొత్తం చూపిస్తాను, 398.89ని కొన్న ధరలో కలిపి రాసుకుంటాను.

కోటయ్య_92: అమ్మినాయన అదే 398.89ని తన వడ్డీగా చూపిస్తే? ఒక్క సొమ్ముకి ఇద్దరి దగ్గరా ట్యాక్సా?

లెక్కల_మాస్టారు: ఆ ప్రశ్న దగ్గరే నేనూ మా ఆడిటరూ రెండేళ్లుగా వాదించుకుంటున్నాం. ఆయన నీ పక్షమే.

గట్టుమీద_గోపి: కాంట్రాక్ట్ నోట్‌లో వడ్డీ వేరే లైన్‌లోనే ఉంది, ఇప్పుడే చూశా. రిటర్న్ వేసే దాకా దాచిపెడతా.