తప్పు కట్టడం అంటే ఎవరికి కట్టడం?

కోవూరు దగ్గర పల్లె మాది. మా వైపు పెద్దమనుషులు ‘తప్పు వేస్తే’ చేసినోడు ‘తప్పు కడతాడు’. జరిమానా అన్నమాట. మా ఊళ్లో ఆ డబ్బు గుడికి పోయేది. నష్టపోయినోళ్ల చేతికి ఏమీ రాదు. మరి కట్టింది ఎవరికి?

మొన్న మా బర్రెలు పలుపు తెంచుకొని పక్కచేను పెద్దమ్మ నారుమడి మేసేసినయి. ఎకరా నాటుకు పోసిన 5 సెంట్ల మడి, 20 రోజుల నారు. పోయి ‘తప్పు జరిగింది పెద్దమ్మా, విత్తనాల డబ్బులిస్తా’ అన్నా. ‘జరిగిందా, చేశావా అబ్బయ్యా?’ అనింది. అప్పట్నుంచీ ఈ మాటలే తలలో తిరుగుతుండాయి. మీరేమంటారు?

ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు: ఆమె వ్యాకరణం గట్టిది. ‘జరిగింది’ అన్నప్పుడు కర్త మాయమవుతాడు. వాన కురిసినట్టు తప్పూ దానంతటదే జరిగిపోతుంది.

కావలి: ‘క్షమాపణ’ సంస్కృతం కాబట్టి పొడిగా ఉంటుంది సార్. ‘మన్నించు’ అంటే మనసులోంచి వస్తుంది.

మాస్టారు: మన్నించులో మన్నన ఉంది, గౌరవం. అంతవరకు నిజమే నాయనా. కానీ క్షమాపణ అంటేనే క్షమించమని వేడుకోవడం. మాట ఏ భాషదైనా, వెనక ‘నేను’ ఉందా లేదా అని చూడు.

కందుకూరు: మా బావ ‘నీకలా అనిపించుంటే సారీ’ అని మెసేజ్ పెట్టాడు. అంటే అన్నమాటకి కాదు, నాకు అనిపించినందుకు సారీ! జవాబివ్వాలా అన్నా?

కోవూరు: ఆ ‘ఉంటే’ తీసేసి మళ్లీ చెప్పమను చెల్లీ.

మా సంగతి చెప్తా. విత్తనాల డబ్బు 25 కిలోలకి ఎంతవుద్ది? ఆమెకి పోయింది విత్తనాలు కాదు, 20 రోజులు. మళ్లీ పోస్తే నాటు మూడు వారాల దాకా వెనకబడుద్ది. అందుకని 3 ఎకరాలకని పోసిన నా నారులోంచి ఎకరాకి సరిపడా పీకి, కట్టలు కట్టి ఆమె గట్టున పెట్టినా. నాకు తక్కువపడిన ఎకరాకి కొత్త మడి పోసుకున్నా. ఆలస్యం ఆమె చేలో ఉండాల్సింది కాదు, నా చేలోకి తెచ్చుకున్నా. పలుపులు మార్చి, దొడ్డికి కంప కూడా కట్టినా.

మాస్టారు: అచ్చంగా ఇదే తప్పు కట్టడం. కానీ గుడికి పోయిన డబ్బుని మరీ తీసిపారేయకు. ఊరంతా చూస్తుండగా ఒప్పుకోవడానికీ విలువుంది.

కోవూరు: ఊరి ముందు తల దించితే ఆమె మడి మొలవదు కద సార్. దాంట్లో నేనొప్పుకోను.

కావలి: మరి పెద్దమ్మ మన్నించిందా?

కోవూరు: నారు నాటించుకుంది. నాతో ఇంకా మాట్లాడలా. అడగను కూడా. అది ఆమె ఇష్టం.