చేతి ఫొటో చూసి ఉంగరం కొలత, నమూనా తేల్చవచ్చా?

బెజవాడ అన్నయ్య: డాలస్‌లో ఉన్న మా చెల్లికి చెప్పకుండా ఉంగరం చేయించాలనుకుంటున్నాను. ఆమె అరచేతిని ఏటీఎం కార్డు పక్కన బల్లకు ఆనించినప్పుడు మా బావగారు పైనుంచి తీసిన ఫొటో ఉంది. దానితో కొలతను, నమూనాను నిర్ణయించవచ్చా?

లెక్కల మాస్టారు: నిస్సందేహంగా నిర్ణయించవచ్చు. కార్డు పొడవు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే కనుక, ఫొటోలో కార్డుతో పోల్చి వేలి వెడల్పు కట్టి, దాన్ని 3.14తో గుణించి, 40 తీసివేస్తే మన దుకాణాల నంబరు వస్తుంది. వెడల్పు 17.2 వస్తే చుట్టుకొలత 54, అంటే 14వ నంబరు.

కంసాలి ఇంటి కోడలు: మాస్టారి సూత్రం సరైనదే గానీ, కార్డు బల్లకు అంటుకుని ఉంటుంది, వేలి అంచు మాత్రం దాదాపు 8 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది. ఫోను 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ ఎత్తు వల్ల వేలు కార్డు కన్నా సుమారు మూడు శాతం పెద్దదిగా కనబడుతుంది. అప్పుడు మీ 17.2 నిజానికి 16.7 అవుతుంది, నంబరు 12కో 13కో దిగుతుంది. పైగా వేలు గుండ్రటి గొట్టం కాదు. దాని మందం ఫొటోలో కనబడదు. కణుపు లావుగా, మొదలు సన్నగా ఉండే వేళ్లకు కణుపు దాటేంత కొలత పెడితే ఉంగరం కింద తిరిగిపోతుంది.

సీతమ్మధార అత్తయ్య: నా కెంపు ఉంగరం కూడా ఎండాకాలంలో వేలికి పట్టేస్తుంది, చలికాలంలో జారుతుంది. ఇంతకీ కెంపు ఏ వేలికి పెట్టుకోవాలో ఎవరైనా చెబుతారా?

కంసాలి ఇంటి కోడలు: వేలి సంగతి పురోహితులను అడగండి అత్తయ్యగారూ. వేడికి వేళ్లు ఉబ్బడం మాత్రం నిజం, అందుకే పొద్దున్నే చల్లటి చేతులతో కొలత తీసుకోవద్దంటాం.

బెజవాడ అన్నయ్య: నమూనా మాటేమిటి? ఆమె వేళ్లు పొట్టిగా కనబడుతున్నాయి. వంకీ ఉంగరం చూశాను.

లెక్కల మాస్టారు: కొన ఉన్న వంకీ వేలిని పొడవుగా చూపిస్తుంది, అదే తీసుకోండి.

కంసాలి ఇంటి కోడలు: నేను ఒప్పుకోను. మొదలుకూ నడి కణుపుకూ మధ్య చోటు తక్కువైతే, వంకీ కొన వేలు మడిచినప్పుడల్లా గుచ్చుకుంటుంది. సన్నటి పట్టీ మీద కోలగా ఉండే రాయిని నిలువుగా పొదిగిస్తే పొట్టి వేలికి హాయిగా ఉంటుంది. అయినా పొట్టి అన్న మాట కూడా ఫొటోను నమ్మి అంటున్నదే. ఫోను మణికట్టు వైపుకు వంగి ఉంటే వేళ్లు కురచగా పడతాయి. మీ బావగారిని ఆమె అదే వేలికి పెట్టుకునే పాత ఉంగరం లోపలి అడ్డుకొలత స్కేలుతో చూసి పంపమనండి.

బెజవాడ అన్నయ్య: అడిగాను. పాత ఉంగరం 17.3 ఉందట, కానీ అది ఉంగరపు వేలిదో మధ్య వేలిదో ఆయనకు తెలియదట.