చేపల పులుసులో టేస్టింగ్ సాల్ట్ పని చేయడం లేదు, ఎందుకు?

కావలి కర్రీ పాయింట్: పప్పులో చిటికెడు టేస్టింగ్ సాల్ట్ వేస్తే రుచి లేచి వస్తోంది. అంతే లెక్కన చేపల పులుసులో వేస్తే ఏమీ తెలియడం లేదు. పొడి కల్తీదా, లేక పులుసుకు ఇంకా ఎక్కువ వేయాలా?

మైపాడు: మన పులుసుకు అది ఎందుకన్నా? మామిడికాయ, చింతపండు వేసి రాత్రి వండి పొద్దున తిను.

ఒంగోలు కోడలు: ఒక హోటల్లో తిన్న ప్రతిసారీ నాకు తలనొప్పే. వాళ్లు ఇదే వేస్తారని నా అనుమానం. ఇది విషం, అంతే.

కెమిస్ట్రీ మేష్టారు: పొడి మంచిదే కావచ్చు, తేడా పులుపులో ఉంది. టేస్టింగ్ సాల్ట్‌లో రుచినిచ్చేది గ్లుటమేట్. అది ఉప్పు రూపంలో ఉన్నప్పుడే ఉమామి, అంటే ఎముకల చారులో ఉండే లాంటి కమ్మటి రుచి, గట్టిగా తెలుస్తుంది. పులుపు పెరిగితే అది గ్లుటామిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ రూపానికి ఉమామి తక్కువ. పులుపును కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 4.25 దగ్గర రెండు రూపాలూ సగం సగం. పప్పు 6 దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ దాదాపు అంతా పనికొచ్చే రూపమే. 3.5కు దిగితే నూటికి 15 పాళ్లే మిగులుతుంది. మీ పులుసు పీహెచ్ ఎంతో కాగితం ముంచి చూడండి.

వంట ప్రయోగాలు: పులుపులో ఉడికిస్తే గ్లుటమేట్ వేరే పదార్థంగా మారిపోతుంది, అందుకే పోయింది. దించాక వేయండి.

కెమిస్ట్రీ మేష్టారు: మారే మాట నిజమే, కానీ అది గంటల తరబడి మరిగితే జరిగే పని. అరగంట పులుసులో పోయేది కొంచెమే. ఆఖర్న వేసినా పులుపు అలాగే ఉంటుంది కాబట్టి ఫలితం మారదు.

కావలి కర్రీ పాయింట్: కాగితం ముంచాను. 3కూ 4కూ మధ్య రంగు వచ్చింది. ఇంకోటి కూడా చేశా. అర లీటరు నీళ్లలో గ్రాము టేస్టింగ్ సాల్ట్, రెండు గ్రాముల ఉప్పు కలిపితే నాలుక మీద ఎముకల చారులాగా నిలిచింది. చింతపండు పిండగానే పోయింది. వంటసోడా చిటికెడు వేస్తే నురగ వచ్చి, పులుపు తగ్గి, ఆ రుచి మళ్లీ వచ్చింది!

వంట ప్రయోగాలు: అది మేష్టారి లెక్కకు రుజువెట్లా అవుతుంది? ఘాటు పులుపు ఏ రుచినైనా కప్పేస్తుంది. సోడాతో మూత తీశావు, అంతే.

కెమిస్ట్రీ మేష్టారు: ఒప్పుకుంటాను, ఈ పరీక్షతో రెండూ విడిపోవు. పైగా నోట్లో లాలాజలం పులుపును కొంత తగ్గిస్తుంది, నా 15 పాళ్ల లెక్క గిన్నెలోదే. కానీ వేసే పొడి రెట్టింపు చేయడం దారి కాదని రెండు లెక్కలూ చెబుతున్నాయి.

మైపాడు: మీరు నీళ్లలో చింతపండు పిండుకుంటూ కూర్చున్నారు. చేప మాట ఎవరూ ఎత్తరేంది?

కెమిస్ట్రీ మేష్టారు: ఎత్తాల్సిందే. గ్లుటమేట్‌ను 1908లో కికునే ఇకెడా సముద్రపు నాచు చారులో పట్టుకున్నాడు. 1913లో కొడామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే ఇంకో ఉమామి పదార్థం కనిపెట్టాడు. ఈ రెండూ కలిస్తే విడివిడి రుచుల మొత్తం కంటే బాగా ఎక్కువ వస్తుంది. చేపలో ఇనోసినేట్ ఉంది. చేప పాతబడే కొద్దీ అది విరిగి, చివరికి చేదు పదార్థం మిగులుతుంది. ఐస్ లేకుండా నిలిచిన చేపకు పొడి ఎంత వేసినా ఆ రుచి రాదు. తల, ఎముకలు నీళ్లలో మరిగించి ఆ నీళ్లతో పులుసు పెట్టండి.

ఒంగోలు కోడలు: నా తలనొప్పికి జవాబు లేదా?

కెమిస్ట్రీ మేష్టారు: మీ నొప్పి నిజమే అమ్మా. కారణం అదేనని చెప్పలేను. ఏది తింటున్నారో తెలియకుండా పెట్టిన పరీక్షల్లో, అన్నంతో కలిపి తిన్నప్పుడు తలనొప్పి నిలకడగా తేలలేదు. ఖాళీ కడుపున మూడు గ్రాములకు పైగా ఇస్తే కొందరికి ఇబ్బంది కలిగింది.

మైపాడు: అన్నా, ఒక్క మాట అడుగుతా, కోపగించుకోకు. నువ్వు ముక్కలు ఎన్ని తగ్గించావు?

కావలి కర్రీ పాయింట్: నన్ను దొంగంటున్నావా? చేప ధర నువ్వు కడతావా? కప్పుకు రెండు ముక్కలేసేవాణ్ని, ఇప్పుడు ఒకటి. గిరాకీ నిలబడాలంటే పులుసన్నా రుచిగా ఉండాలి కదా.

మైపాడు: అదే నా గొడవ. పొడితో నాకు పేచీ లేదు. చేప తగ్గిన చోట పొడి వేసి, అదే ధరకు ఇస్తే నాకు పేచీ.

వంట ప్రయోగాలు: ఒక ముక్క వేసి తలల నీళ్లతో రుచి తెస్తే తప్పేంది? రుచికి రుచి వచ్చింది.

మైపాడు: తలలూ చేపే కదా. ఆ మాట బోర్డు మీద రాయమను.

కావలి కర్రీ పాయింట్: ధర తగ్గించలేను. రేపు బొచ్చె తలలు ఆరు తెచ్చి మేష్టారు చెప్పినట్టు పెడతా. టేస్టింగ్ సాల్ట్ పప్పులోనే, బోర్డు మీద రాసి.

ఒంగోలు కోడలు: రాస్తే నాకు చాలు. ఆ రోజు పప్పు మానేసి పులుసు తీసుకుంటా.